మూడు వృత్తాల నడుమ అయిదుగురు

ఆదివారం మధ్యాహ్నం భోజనాల బల్ల మీద, ల్యాప్‌టాప్ తెరలో మూడు వృత్తాలు తెల్లబోయి చూస్తున్నాయి. ఊరికే అనడం కాదు, నిజంగానే తెల్లబోయాయి. ఎరుపు పాలిపోయింది, నీలం వెలిసిపోయింది, పసుపు ఉందో లేదో తెరనే అడగాలి. ఇక వాటి నడుమ రాసిన అంకెలు, పాత చొక్కా మీద పోయిన మరకలాగా, ఉన్నాయని తెలిసినవాడికే కనిపిస్తున్నాయి.

"ఎవరు చేశారే దీన్ని?" అంది పెద్దకోడలు.

"నేనే. ఏం, బాలేదా?" అంది చిన్నకోడలు.

పెద్దకోడలు ఊళ్ళో పెద్ద ఆస్పత్రిలో స్లైడులు, పోస్టర్లు, వార్డు బయట అంటించే బాణం గుర్తులు తయారు చేసే గదికి ఏకైక దిక్కు. ఆస్పత్రిలో అందరూ రంగులమ్మ అంటారు. చిన్నకోడలు అదే ఆస్పత్రిలో నర్సు. ఇంట్లో అందరూ సూది అంటారు. ఉద్యోగం వల్ల కొంత, నోటి వల్ల మిగతా. అన్నదమ్ములిద్దర్నీ కట్టుకుని ఒకే ఇంట్లో కాపురం పెట్టిన ఈ తోటికోడళ్ళు ఏడేళ్ళుగా ఒకే వంటగదిలో రెండు పొయ్యిల్లా మండుతున్నారు.

"మొత్తానికే పారదర్శకం చేసేశావు. వృత్తంతో పాటు అంకె కూడా ఆవిరైపోయింది."

"నువ్వే అన్నావుగా అక్కా, కింద ఉన్నది కనిపించాలంటే పైది పల్చబడాలని."

"రంగు పల్చబడాలన్నాను. అక్షరం పల్చబడాలన్నానా? మజ్జిగలో నీళ్ళు పొయ్యమంటే ఉప్పు తీసేసినట్టుంది."

"సరే, నాకు రాదు. అందుకే నీ దగ్గరికి వచ్చాను. తిట్టి చేస్తావా, చేసి తిడతావా?"

రంగులమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. తిడుతూ చేయడం ఆమెకి అలవాటు.

సంగతి ఇది. ఆస్పత్రి పరిపాలనాధికారి ఒక నోటు రాశాడు. ఎమర్జెన్సీలో నర్సులు ఇరవై ముగ్గురు, ఆపరేషన్ థియేటర్లో ఇరవై మంది, ఐసీయూలో ఇరవై ఇద్దరు. కూడితే అరవై అయిదు. ఉండవలసింది యాభై. కనుక పదిహేను మంది మిగులు. ముందు కాంట్రాక్టు వాళ్ళని తీసేయాలి. బుధవారం ట్రస్టీల మీటింగులో సంతకం అయిపోతే నెలాఖరుకి ఇంటికి. అధికారికి మిగులు, ఆడపిల్లలకి దిగులు. ఆ పదిహేను పేర్లలో మూడో పేరు సూదిది. ఆరేళ్ళుగా కాంట్రాక్టు.

కానీ నర్సులు ఒక్కచోటే పనిచేస్తే కదా. మనుషులు చాలక ఒకే నర్సుని పొద్దున థియేటర్లో, మర్నాడు ఐసీయూలో వేస్తారు. ఆమె పేరు రెండు డ్యూటీ రోస్టర్లలోనూ ఉంటుంది. సూది పేరైతే మూడింట్లోనూ ఉంది. అంటే ఆ నోటులో ఆమె ముగ్గురు. మేట్రన్ ఈ మాట ఎంత మొత్తుకున్నా అధికారి చెవిన పడలేదు. చివరికి "ఒక్క స్లైడు ఇవ్వండి, నా ప్రెజెంటేషన్లో పెడతాను" అన్నాడట. సూది మూడు రోస్టర్లూ ముందేసుకుని, ఒక్కో పేరూ ఒక్కసారే రాసి, రెండు రోజులు లెక్కపెట్టింది.

"చెప్పు," అంది రంగులమ్మ.

"ఒక్క ఎమర్జెన్సీలోనే చేసేవాళ్ళు తొమ్మిది. ఒక్క థియేటరే ఏడు. ఒక్క ఐసీయూయే ఎనిమిది. ఎమర్జెన్సీ, థియేటర్ రెండూ చేసేది నలుగురు. థియేటర్, ఐసీయూ నలుగురు. ఎమర్జెన్సీ, ఐసీయూ అయిదుగురు. మూడూ చేసేది అయిదుగురు. అందులో నేనొకదాన్ని."

"అంటే నలభై రెండు."

"నలభై రెండే. ఉండవలసిన యాభైకి ఎనిమిది మంది తక్కువ. వాళ్ళు పదిహేను మందిని తీసేస్తామంటున్నారు." సూది లెక్క రాసుకున్న కాగితం బల్ల మీద పెట్టింది. "నన్ను తీసేస్తే మూడు చోట్లా ఖాళీ అవుతుందక్కా. అప్పుడు తెలుస్తుంది వాళ్ళకి."

"తెలియడానికి నువ్వుండవు కదే మొద్దూ," అంది రంగులమ్మ, మౌస్ మీద చెయ్యి వేసి.

అక్కడినుంచి ఆమె పని చూడాలి. నోరు సూది మీద, కన్ను తెర మీద. ముందు వృత్తాల్లో రాసిన అంకెలన్నీ చెరిపేసింది. వృత్తంలోపలే రాస్తే ఆ రాత వృత్తంతోపాటే ఉంటుంది, పైన ఇంకో వృత్తం పడితే దాని కిందకి పోతుంది. అందుకని అంకెకి అంకె విడిగా, రంగులేని పెట్టెల్లో రాసి, అన్నిటికన్నా పైన పెట్టింది. వృత్తంలో నింపిన రంగుకి మాత్రమే అరవై శాతం పారదర్శకత ఇచ్చింది, అంచు గీతకి ఇవ్వలేదు, అక్షరానికి అసలే ఇవ్వలేదు.

"రంగులు లేతగా ఎందుకు? ముదురువి పెట్టొచ్చుగా," అంది సూది.

"మూడూ కలిసే చోట రంగు మూడింతలు చిక్కబడుతుంది. ముదురువి పెడితే నడుమ బురద అవుతుంది. ఆ బురదలో నీ నల్ల అంకె ఎవడికి కనబడుతుంది? నడుమ ఉన్నది నువ్వు. ఆ మాట గుర్తుందా?"

"గుర్తుంది. మరి ఈ అంచులంత లావు దేనికి?"

"ఆ మీటింగు హాలుకి కిటికీలున్నాయి, కర్టెన్లు లేవు. పదకొండు గంటల ఎండలో ప్రొజెక్టర్ లేత రంగుల్ని మింగేస్తుంది. రంగు పోయినా గీత మిగలాలి. గీత మిగిలితే ఎవరు ఏ వృత్తంలో ఉన్నారో తెలుస్తుంది."

నడుమ చోటు మరీ ఇరుకుగా ఉంది. 'మూడింట్లోనూ' అన్న మాట పట్టడం లేదు. సూది చేసినప్పుడు అక్షరం చిన్నది చేసింది, చీమ తలంత. రంగులమ్మ అక్షరం ముట్టుకోలేదు. మూడు వృత్తాల్నీ ఒకదాని దగ్గరికి ఒకటి జరిపింది. జరిపేకొద్దీ నడుమ చోటు పెరిగింది. అంకె లావుగా, దాని కింద మాట పొందికగా కూర్చున్నాయి. విభాగాల పేర్లు, ఒక్కోదానికీ మొత్తాలు, వృత్తాల బయట రాసింది. అట్టడుగున 'మొత్తం మనుషులు 42' అని రాసింది.

ఆ తర్వాత ఒక్కో వస్తువుకీ పేరు పెట్టడం మొదలెట్టింది. ఎమర్జెన్సీ వృత్తం. థియేటర్ వృత్తం. నడుమ అయిదు.

"తెర మీద కనిపించని పేర్లు ఎందుకక్కా?"

"నా పిల్లలకి నేను పేరు పెట్టుకుంటాను, నీకేం?"

వృత్తం ఆమెకి వృత్తి. ఆ మాట చాలాసార్లు అనేది, తనే నవ్వుకునేది. ఆ రోజు మాత్రం అనలేదు. సూది బల్ల అంచు పట్టుకుని, నడుమనున్న అయిదు అంకెనే చూస్తూ ఉండిపోయింది.

సోమవారం పొద్దున రంగులమ్మ మీటింగు హాలుకి వెళ్ళి, ప్రొజెక్టర్ వేసి, ఎండలో నిలబడి, బల్ల చివరి కుర్చీ నుంచి చదివి చూసుకుంది. చదవగలిగింది. ఫైలు అధికారి గదికి పంపింది.

ఇప్పుడు ఆ అధికారి గురించి చెప్పాలి. ఉద్యోగం పరిపాలనాధికారి. అందరూ పిలిచేది సవరణాధికారి. ఆయన చేతికి వెళ్ళిన ఏ కాగితమూ వెళ్ళినట్టు తిరిగి రాదు. ఒక కామా అయినా తీస్తాడు, తీయడానికి కామా లేకపోతే పెట్టి తీస్తాడు. సవరం పెట్టిన జడలాగా ఆయన సవరణ పెట్టిన ఉత్తరం అసలు ఎంత పొడవో ఎవరూ చెప్పలేరు. ఆయన గది తలుపు పక్కన గోడ మీద 'పారదర్శకతే మా విధానం' అని బంగారు అక్షరాల బోర్డు ఉంది. ఆ బోర్డు కూడా రంగులమ్మ చేసిందే. అక్షరాలు నాలుగుసార్లు మార్పించాడు.

బుధవారం పది గంటల ఇరవై నిమిషాలకి తుది ఫైలు ఆమె కంప్యూటర్‌కి వచ్చింది. మీటింగులో ల్యాప్‌టాప్ దగ్గర కూర్చుని మీట నొక్కే పని ఆమెదే. ఒక్కో స్లైడూ తిప్పుతూ వచ్చి, ఏడో స్లైడు దగ్గర ఆగింది.

ఎర్రటి వృత్తం. దాని మీద నీలి వృత్తం. ఆ రెంటి మీద చిక్కటి పసుపు వృత్తం, ఎక్కి కూర్చున్నట్టు. గట్టి రంగులు, గోడకి వేసే పెయింటులాగా, కింద ఏమున్నా కనబడనివ్వని రంగులు. ఒక్కోదాంట్లో ఒక్క తెల్ల అంకె. 23, 20, 22. నలుగురూ లేరు, అయిదుగురూ లేరు, నడుమ ఎవరూ లేరు. పసుపు వృత్తం నడుమనున్న వాళ్ళందర్నీ మింగేసి, తన 22ని బొట్టులా పెట్టుకుని నవ్వుతోంది. అట్టడుగున 'మొత్తం మనుషులు 65'.

రంగులమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఆమె రాసిన నలభై రెండుని అరవై అయిదు చేశారు. ఆమె అక్షరాలే, ఆమె పెట్టెలోనే.

పళ్ళు నూరుతూ, అలవాటు కొద్దీ ఆ స్లైడు మీదున్న వస్తువుల జాబితా తెరిచింది. తెర మీద కనబడేవీ కనబడనివీ కూడా పైనుంచి కిందకి వరసలో చూపించే జాబితా అది. పైన మూడు పేర్లున్నాయి, పెంచుకునేవాళ్ళు లేని పేర్లు, కంప్యూటరే పెట్టినవి. ఓవల్ 14, ఓవల్ 15, ఓవల్ 16. వాటి కింద, వరసగా, నడుమ అయిదు. ఎమర్జెన్సీ థియేటర్ నాలుగు. థియేటర్ ఐసీయూ నాలుగు. ఎమర్జెన్సీ వృత్తం. ఆమె పెట్టిన పేర్లన్నీ, ఒక్కటీ తప్పకుండా.

ఆయన తీసెయ్యలేదు. వేరే చోటినుంచి గట్టి రంగు వృత్తాలు తెచ్చి పైన అతికించాడు. కొత్తగా అతికించినది ఎప్పుడూ అన్నిటికన్నా పైన పడుతుంది. అడుగున ఉన్నవి మాయమైపోయాయి, ఆయన పోయాయనుకున్నాడు. పారదర్శకం తీసి పరదా వేశాడు.

ఆమె ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని మెట్లెక్కింది. బంగారు బోర్డు పక్కనుంచి తలుపు తోసింది.

"సార్, ఏడో స్లైడు."

"ఆఁ, చూశారా? బావుంది కదూ," అన్నాడు సవరణాధికారి, టై సవరించుకుంటూ. "మీ రంగులు కలిసిపోయి కంటికి ఇబ్బందిగా ఉన్నాయమ్మా. ట్రస్టీలు పెద్దవాళ్ళు. రంగు రంగులాగా ఉండాలి."

"కలిసిపోవడం కోసమే సార్ అవి. కలిసే చోట ఉన్న మనుషుల్ని చూపించడానికే ఆ బొమ్మ."

"మనుషులు ఎక్కడికి పోయారు? సర్కిల్లోనే ఉన్నారుగా."

"ఏ సర్కిల్లో సార్?"

"మూడింట్లోనూ."

"అదే సార్ నా గోల. మనిషి ఒక్కతే, మీ లెక్కలో ముగ్గురు."

"మీరు కూడిక కూడా తప్పు చేశారు," అన్నాడాయన, క్షమించే గొంతుతో. "ఇరవై మూడు, ఇరవై, ఇరవై రెండు కూడితే నలభై రెండు ఎలా అవుతుందమ్మా? అరవై అయిదు. నేనే సరిచేశాను. ఎవరికీ చెప్పలేదు, మీకు మాట వస్తుందని."

రంగులమ్మ ల్యాప్‌టాప్ ఆయన బల్ల మీద పెట్టింది. పెట్టింది అనడం మర్యాద. బల్ల మీదున్న గాజు అదిరింది.

"సార్, ఆ ముగ్గురూ ఒక్క మనిషే, నా తోటికోడలు. ఒక్క తోటికోడలితోనే ఇంట్లో వేగలేక చస్తున్నాను. మీరు దాన్ని ముగ్గుర్ని చేసి నా నెత్తిన పెడుతున్నారు."

ఆ మాట అన్నాక, అనకుండా ఉండాల్సిందని తెలిసింది. అధికారి ముఖం విప్పారింది.

"ఓహో. అయితే మీ ఇంటి మనిషి కోసమా ఈ హడావిడంతా? ముందే చెప్పొద్దూ." ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. "చూడండమ్మా, ఇంటి విషయాలు ఆఫీసు స్లైడుల్లోకి తేకూడదు. మేట్రన్‌తో కూడా నేను మాట్లాడతాను. ఆ స్లైడు ఆమోదం అయిపోయింది. మీ పని మీట నొక్కడం. నేను నెక్స్ట్ అంటే నొక్కండి."

"మనుషుల లెక్క తప్పు అని చెబుతుంటే ఇంటి విషయం అంటారేంటి సార్?"

"టైమవుతోంది. హాల్లో ఏసీ వేయించారా లేదా చూడండి."

ఆమె ఒక్కో మెట్టూ పగలగొట్టేలా తొక్కుతూ దిగింది. అరవాల్సిన నోరు మూసుకుంటే ఆ అరుపు ఎక్కడికో పోవాలి కదా, కాళ్ళలోకి పోయింది. ఇరవై ఏళ్ళలో ఆయన కామాలు తీసినప్పుడు ఊరుకుంది, రంగులు మార్చినప్పుడు ఊరుకుంది. బంగారు అక్షరాలు నాలుగుసార్లు మార్పించినప్పుడు ఇంటికెళ్ళి గిన్నెలు విసిరింది, అంతే. ఇది కామా కాదు. నడుమనున్న అయిదుగురు మనుషులు. వాళ్ళ మీద రంగు పోసి, పైగా ఆమెకి కూడిక నేర్పుతున్నాడు.

పదకొండింటికి హాలు నిండింది. బల్ల చుట్టూ ఏడుగురు ట్రస్టీలు. తల దగ్గర అధ్యక్షురాలు, అరవై దాటిన మనిషి, కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకుని చూసే అలవాటు. గోడవారగా కుర్చీలో మేట్రన్. ఎండ కిటికీల్లోంచి తెర మీద వాలుగా పడుతోంది. రంగులమ్మ మూల బల్ల దగ్గర ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. రంగుల మనిషి ముఖంలో ఆ రోజు ఒక్కటే రంగు ఉంది.

ఆరు స్లైడులు నడిచాయి. సవరణాధికారి "నెక్స్ట్" అన్నాడు. ఏడోది వచ్చింది.

"నర్సింగ్ సిబ్బంది," అన్నాడాయన. "మూడు విభాగాలు. చూస్తున్నారు కదా, చాలా స్పష్టంగా ఉంది. ఇరవై మూడు, ఇరవై, ఇరవై రెండు. మొత్తం అరవై అయిదు. మనకి కావలసింది యాభై."

"పదిహేను ఎక్కువ," అంది అధ్యక్షురాలు.

"పదిహేను మిగులు మేడమ్. కాంట్రాక్టు వాళ్ళ జాబితా తయారుగా ఉంది. తర్వాతి స్లైడులో."

మేట్రన్ లేచి ఏదో అనబోయింది. "చివర్లో అమ్మా, చివర్లో," అన్నాడాయన, చెయ్యి ఎత్తి. మేట్రన్ కూర్చుంది. అధ్యక్షురాలు పెన్ను మూత తీసింది.

"నెక్స్ట్," అన్నాడు సవరణాధికారి.

రంగులమ్మ వేలు మీట మీద ఉంది. నొక్కలేదు.

"నెక్స్ట్ అమ్మా."

ఆమె వేలు పక్కకి జరిగి ఎస్కేప్ నొక్కింది. తెర మీద నిండుగా ఉన్న స్లైడు చిన్నదై, చుట్టూ పనిముట్ల వరసలతో, ఆమె గదిలో తయారయ్యేటప్పుడు ఎలా ఉంటుందో అలా నిలబడింది. హాల్లో అందరూ చూస్తుండగా బాణం గుర్తు కదిలింది. పసుపు వృత్తం మీద వాలింది. పట్టుకుంది. కుడిపక్కకి లాగింది.

"ఏం చేస్తున్నారు?" అన్నాడు సవరణాధికారి.

పసుపు వృత్తం తెర అంచుకి జరిగింది. దాని చోట, అడుగున, లేత పసుపు రంగు, లావుపాటి గీత, ఒక సగం అంకె కనిపించాయి. బాణం నీలం మీదకి వెళ్ళింది. నీలాన్ని ఎడమకి ఈడ్చింది. తర్వాత ఎరుపుని పైకి తోసింది.

"కంప్యూటర్ ఏదో తేడా చేస్తోంది మేడమ్, ఒక్క నిమిషం," అన్నాడాయన, ఆమె వైపు అడుగేస్తూ.

"కంప్యూటర్ బాగానే ఉంది," అంది రంగులమ్మ. లేచి నిలబడలేదు. గొంతు మాత్రం లేచింది. "నేను లాగుతున్నాను. ఇది అడుగున ఉన్న బొమ్మ. పైన ఉన్నవి పొద్దున అతికించారు."

తెర మీద మూడు లేత వృత్తాలు ఒకదాంట్లో ఒకటి కాళ్ళు చాపుకుని ఉన్నాయి. ఎండ పసుపు రంగుని దాదాపు మింగేసింది. గీతలు మాత్రం నిలబడ్డాయి, ఏ గది ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చెబుతూ. నడుమ, నల్లగా, లావుగా, అయిదు.

అధ్యక్షురాలు కళ్ళజోడు చేత్తో పట్టుకుని ముందుకి వంగింది. బల్ల ఆ చివరనుంచి, పైకి చదివింది. "అయిదు. మూడింట్లోనూ." కళ్ళజోడు తెర వైపు ఊపింది. "మూడింట్లోనూ అంటే?"

ఈసారి మేట్రన్ లేవడానికి ఎవరి అనుమతీ అడగలేదు. "మూడు చోట్లా పనిచేసే నర్సులు మేడమ్. పేరు మూడు రోస్టర్లలోనూ ఉంటుంది. మనిషి ఒక్కతే."

"మరి ఈ నాలుగు?"

"వాళ్ళు రెండు చోట్ల చేస్తారు. ఈ రెండు వృత్తాలు కలిసే చోట ఉన్నారు, చూడండి."

"కింద అరవై అయిదు అని రాసి ఉంది," అన్నాడు ఒక ట్రస్టీ.

"అది నేను రాయలేదు," అంది రంగులమ్మ.

అధ్యక్షురాలు తెరిచిన పెన్నుతో నోటు వెనక రాయడం మొదలెట్టింది. తొమ్మిది, ఏడు, ఎనిమిది. తల ఎత్తి తెర చూసింది. నాలుగు, నాలుగు, అయిదు. మళ్ళీ చూసింది. అయిదు. కూడింది. పెదవులు కదిలాయి. కొట్టేసి మళ్ళీ కూడింది.

"నలభై రెండు," అందామె. సవరణాధికారి వైపు తిరిగింది. "అరవై అయిదు ఎక్కడిది?"

"రోస్టర్లు మేడమ్. మూడు విభాగాల రోస్టర్ల మొత్తం."

"రోస్టర్లు డ్యూటీ చేస్తాయా, మనుషులు చేస్తారా?"

"అంటే మేడమ్, బొమ్మ నలుగురికీ అర్థమయ్యేలా ఉండాలని."

"నాకు మీ బొమ్మ చాలా బాగా అర్థమైంది. సంతకం పెట్టబోయాను." ఆమె పెన్ను మూత పెట్టింది. ఆ చిన్న చప్పుడుకి ఆయన ఉలిక్కిపడ్డాడు. "యాభై కావాలి, నలభై రెండు ఉన్నారు. ఎనిమిది మంది తక్కువున్న చోట పదిహేను మందిని తీసేయమని నా చేత రాయించబోయారు. ఈ నోటు తీసుకెళ్ళండి. ఆ జాబితా స్లైడు నాకు చూపించకండి."

ఆమె కోపం అక్కడితో ఆగలేదు, మూలకి కూడా వచ్చింది.

"మీరు. మీటింగ్ మధ్యలో బొమ్మలు లాగమని మీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు మేడమ్. పొద్దున నేను చెబితే వినలేదు."

"నా దగ్గరికి రావచ్చుగా."

"మీ దగ్గరికి రావాలంటే ఆయన గదిలోంచే రావాలి మేడమ్."

ఎవరో దగ్గారు. అధ్యక్షురాలు ముందున్న కాగితం తిప్పి, "తర్వాతి విషయం," అంది. మెచ్చుకోలేదు. రంగులమ్మ కూడా ఆశించలేదు. ఎరుపు, నీలం, పసుపు ముద్దలు తెర అంచుల్లో ఇంకా వేలాడుతుంటే, ఒక్కోదాన్నీ నొక్కి, తీసేసింది. 65ని చెరిపి 42 రాసింది. రాస్తుంటే వేళ్ళు మీటల మీద దబదబా మోగాయి.

మూడు గంటలకి సవరణాధికారి నుంచి మెమో వచ్చింది. ఆమోదించిన స్లైడులోని మూడు వృత్తాలను అనుమతి లేకుండా ఎందుకు జరిపారో ఇరవై నాలుగు గంటల్లో రాతపూర్వకంగా వివరించాలి. ఇకమీదట మీటింగు హాల్లో మీట నొక్కే పని మరొకరికి. ఆ కాగితం చదువుతుంటే డ్యూటీ బట్టల్లోనే సూది వచ్చి గుమ్మంలో నిలబడింది. ఐసీయూ నుంచి థియేటర్‌కి పోతూ, మధ్యలో రెండు నిమిషాలు.

"మేట్రన్ చెప్పింది," అంది. "నీ మీద మెమో అట కదక్కా. నా వల్లే."

"నీ వల్ల ఎందుకవుతుంది? నువ్వేం పెద్ద అధ్యక్షురాలివా?"

"పాపం, నా కోసం..."

"నీ కోసం ఎవరు చేశారే? నా అక్షరాల మీద ఎక్కి కూర్చున్నాడు. నా పెట్టెలో తన అంకె రాశాడు. పైగా నాకు కూడిక రాదన్నాడు. నువ్వు నడుమ లేకపోయినా లాగేదాన్ని." మెమో కాగితం బోర్లించి పెట్టింది. "ఇంత గట్టిగా లాగేదాన్ని కాదేమో."

సూది ఒకసారి ముక్కు మోచేత్తో తుడుచుకుంది.

"ఏడవకు. థియేటర్లోకి ముక్కు కారుతూ వెళితే నిజంగానే తీసేస్తారు. పో. అక్కడెవరో నీ కోసం చూస్తుంటారు."

"అక్కడే కాదు, ఇక్కడా చూస్తుంటారు, అక్కడా చూస్తుంటారు," అంది సూది, వరండా రెండు చివరలకీ వేలు చూపిస్తూ. వెళ్ళిపోయింది, పరుగులాంటి నడకతో.

రంగులమ్మ తెల్ల కాగితం తీసింది. వివరణ అన్నారు కనుక ముందు వివరంగానే రాయబోయింది. పారదర్శకత శాతాలు, ఏది పైన ఏది అడుగున, ఎండ, అంచు గీతలు. సగం పేజీ నిండాక, అంత విడమరచి చెబితే పొద్దున ఆయన గదిలో నిలబడి చెప్పినట్టే ఉందనిపించింది. మళ్ళీ ఒళ్ళు మండింది. ఆ కాగితం ఉండ చుట్టి, ఇంకోటి తీసి, మధ్యలో ఒకే వాక్యం రాసింది.

'ఆ వృత్తాల అడుగున మనుషులు ఉన్నారు కనుక జరిపాను.'

సంతకం పెట్టేటప్పుడు పెన్ను ఎంత గట్టిగా నొక్కిందంటే కాగితం చిరిగి, బల్ల మీద కూడా సంతకం పడింది. చిరిగిన కాగితాన్నే కవర్లో పెట్టి, పై అంతస్తుకి పట్టుకుని తనే బయల్దేరింది.